మేడారం కిరాయి: బ్యాడ్జి గురించి భయపడ్డాడు, ముంచింది తెల్ల ప్లేటు

హన్మకొండలో మోటారు ప్రమాదాల కేసులు చూసే వకీలును నేను. ఎక్కువగా డ్రైవర్లు, బండి ఓనర్ల తరఫున ఉంటాను. ఈ కేసులో ఉన్నవాళ్లెవరో గుర్తు పట్టే వీలు లేకుండా ఊళ్లు, పనులు, కొన్ని చిన్న వివరాలు మార్చాను. చట్టం, తేదీలు, కేసు నడిచిన తీరు మాత్రం మార్చలేదు. దీన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. నా దగ్గరికి వచ్చే క్యాబ్ డ్రైవర్లలో పది మందిలో ఎనిమిది మంది తప్పు కాగితం గురించి టెన్షన్ పడుతుంటారు. అసలు ముంచే కాగితం మీద వాళ్ల చూపే పడదు.

2024 ఫిబ్రవరిలో, మేడారం జాతర రోజుల్లో జరిగిందిది. ఆ ఏడు జాతర 21 నుంచి 24 వరకు. మన దిక్కు క్యాబ్ డ్రైవర్లకు రెండేళ్లకోసారి వచ్చే సీజన్ అది. ఆ వారం ఫోన్ మోగుతూనే ఉంటుంది.

మా క్లయింటుకు ముప్పై నాలుగేళ్లు, కాజీపేట వైపు ఉంటాడు. సొంతానికి పసుపు ప్లేటు సెడాన్ ఒకటి ఉంది. యాప్‌లో నడుపుతాడు, తెలిసినవాళ్లు ఫోన్ చేస్తే కిరాయికి పోతాడు. పదేళ్లలో ఒక్క యాక్సిడెంట్ లేదు. జాతరకు నెల ముందే ఆ సెడాన్ ఫిట్‌నెస్ అయిపోయింది. ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ముందు టైర్లు మార్చి ఆ తర్వాత తీసుకుపోదామని వాయిదా వేశాడు. ఫిట్‌నెస్ లేని బండితో రోడ్డెక్కొద్దని ఇంట్లోనే పెట్టాడు. నిజానికి అది జాగ్రత్తపరుడు చేసే పనే.

అంతలో పాత కస్టమర్ ఫోన్ చేశాడు. ఆరుగురు, బెల్లం మొక్కు ఉంది, పొద్దున పోయి రాత్రికి రావాలి, పెద్ద బండి కావాలి అన్నాడు. డ్రైవర్ వాళ్ల బావకు ఏడు సీట్ల కారు ఉంది. ఇంటి అవసరాలకు కొన్న తెల్ల ప్లేటు బండి. డీజిల్‌తో కలిపి 6,000 రూపాయలకు మాట కుదిరింది. 2,000 అడ్వాన్స్ ఫోన్‌లో పంపారు. పంపిన మనిషి నోట్ దగ్గర ‘మేడారం కార్ అడ్వాన్స్’ అని టైప్ చేశాడు. ఏడాదిన్నర తర్వాత కోర్టులో ఆ మూడు మాటల మీద గంటసేపు వాదన నడుస్తుందని పాపం అతనికేం తెలుసు.

పస్రా దాటి తాడ్వాయి వైపు అడవి రోడ్డులో, మలుపు దగ్గర గొడ్డు అడ్డం వచ్చింది. తప్పించబోతే బండి రోడ్డు దిగి చెట్టును గుద్దింది. ముందు సీట్లో ఇద్దరికి బెల్టులు ఉన్నాయి, గీతలు కూడా పడలేదు. మధ్య సీట్లో పెద్దమ్మకు తుంటి ఎముక విరిగింది, కోడలికి భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. వెనకాల కూర్చున్న పిల్లాడికి నుదురు చిట్లింది. డ్రైవర్ పారిపోలేదు. 108కు ఫోన్ చేశాడు, ములుగు దవాఖానకు వెంట పోయాడు, అక్కణ్నుంచి వరంగల్ ఎంజీఎం దవాఖానకు తెచ్చేటప్పుడు కూడా పక్కనే ఉన్నాడు. సాయంత్రం తానే స్టేషన్‌కు పోయి చెప్పాడు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవర్‌ను అడిగేది ఇదే: దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకు తెలపాలి, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలి. జనం కొడతారన్న భయంతో చాలామంది పారిపోతారు. అతను నిలబడడం తర్వాత చాలా పనికొచ్చింది. క్రిమినల్ కేసు లోక్ అదాలత్‌లో రాజీ కావడానికి ఆ కుటుంబానికి అతని మీద కోపం లేకపోవడమే కారణం.

మొదటిసారి నా ఆఫీసుకు వచ్చినప్పుడు లైసెన్స్ కార్డు టేబుల్ మీద పెట్టి, దాని మీద చెయ్యి తీయలేదు.

“సార్, నా బ్యాడ్జి అయిపోయింది. యాక్సిడెంట్‌కు రెండు నెలల ముందే. ఎట్లనన్నా పాత తేదీతో రెన్యువల్ చేయించొచ్చా?”

కార్డు తీసుకుని చూశాను. క్యాబ్ డ్రైవర్ల లైసెన్స్ మీద రెండు గడువులు ఉంటాయి. ఒకటి ఎన్‌టీ, అంటే నాన్ ట్రాన్స్‌పోర్ట్. రెండోది టీఆర్, అంటే ట్రాన్స్‌పోర్ట్. మన దగ్గర ‘బ్యాడ్జి వేయించడం’ అంటే ఈ రెండోదే. ఒకప్పుడు ఇత్తడి బిళ్ల ఇచ్చేవాళ్లు, చొక్కాకు పెట్టుకునేవాళ్లు. బిళ్ల పోయినా మాట మిగిలింది. అతని కార్డు మీద ఎన్‌టీ గడువు ఇంకా పన్నెండేళ్లు ఉంది. టీఆర్ 2023 డిసెంబర్‌లో ముగిసింది.

పాత తేదీతో ఏదీ కాదని ముందే చెప్పేశాను. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ గడువు ఐదేళ్లు, 2019 సవరణకు ముందు మూడేళ్లే ఉండేది. గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచీ రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు, ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ జత చేయాలి. ముగిసి ఏడాది దాటితే మళ్లీ టెస్టు. ఇంకొక్క విషయం, ఇది చాలామంది డ్రైవర్లకు తెలియదు. గడువు అయిపోయినా 30 రోజుల దాకా లైసెన్స్ చెల్లుతుందని పాత చట్టంలో ఉండేది. 2019 సవరణతో అది పోయింది. అయినా ‘నెల టైం ఉంటది కదా’ అనే మాట స్టాండులో ఇప్పటికీ వినిపిస్తుంది. లేదు. గడువు తేదీ దాటిన మర్నాటి నుంచి లేనట్టే.

“తమ్మీ, బ్యాడ్జి సంగతి తర్వాత. బండి పాలసీ తెచ్చినవా?” అన్నాను.

తేలేదు. బావ దగ్గర ఉందన్నాడు. బావకు ఫోన్ చేసి వాట్సాప్‌లో తెప్పించుకున్నాం. నేను మొదట చూసేది ప్రీమియం కాదు, గడువు కూడా కాదు. ‘వాడకంపై పరిమితులు’ అనే పేరా. ప్రైవేటు కారు పాలసీలన్నిటిలో ఇది దాదాపు ఒకే మాటల్లో ఉంటుంది: కిరాయికి గానీ ప్రతిఫలానికి గానీ వాడినప్పుడు, రేసులకు వాడినప్పుడు, సరుకు మోసినప్పుడు ఈ పాలసీ వర్తించదు. ఆ తర్వాత ప్రీమియం పట్టిక చూస్తాను. ట్యాక్సీ పాలసీలో థర్డ్ పార్టీ ప్రీమియం కింద ఒక్కో ప్రయాణికుడికి ఇంత అని విడిగా ఒక లైను ఉంటుంది. ఆ సీట్ల డబ్బు కడితేనే కిరాయి ప్రయాణికుల బాధ్యత కంపెనీ నెత్తిన పడుతుంది. బావ పాలసీలో ఆ లైను లేదు. ఉండదు కూడా, అది ఇంటి కారు.

అప్పుడే చెప్పాను. నీ బ్యాడ్జితో ఈ కేసులో పెద్ద ఇబ్బంది రాదు, ఇబ్బంది అంతా నంబర్ ప్లేటుతోనే అని. అతను నమ్మలేదు.

దెబ్బలు తగిలినవాళ్లు పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేశారు. దానికి ఇన్సూరెన్స్ కంపెనీ కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు, వేసేనాటికి నేను అనుకున్నవే వచ్చాయి. ఒకటి, డ్రైవర్‌కు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ లేదు. రెండు, బండికి పర్మిట్ లేదు. మూడు, ప్రైవేటు కారును కిరాయికి వాడి పాలసీ షరతు ఉల్లంఘించారు. కాబట్టి మేం పైసా కట్టం అన్నారు.

మొదటి దాని సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది త్వరగా తేలింది. చట్టం 10వ సెక్షన్‌లో లైట్ మోటారు వెహికల్ ఒక తరగతి, ట్రాన్స్‌పోర్ట్ వెహికల్ ఇంకో తరగతి. ట్యాక్సీ కారు రెండింట్లోకీ వస్తుంది. మరి మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో ట్యాక్సీ నడపొచ్చా అన్నది ఏళ్ల తరబడి తేలలేదు. 2017లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం నడపొచ్చని చెప్పింది. బండి బరువు 7,500 కిలోలు దాటకపోతే చాలు, విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ అక్కర్లేదంది. 2018 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖ ఇదే మాట రాష్ట్రాలకు రాసింది. ఇన్సూరెన్స్ కంపెనీలు ఒప్పుకోలేదు, విషయం ఐదుగురు న్యాయమూర్తుల దాకా పోయింది. మా కేసు నడుస్తుండగానే, 2024 నవంబర్ 6న, ఆ రాజ్యాంగ ధర్మాసనం 2017 తీర్పునే ఖాయం చేసింది. తర్వాతి వాయిదాకు తీర్పు కాపీ దాఖలు చేశాను. కంపెనీ వకీలు ఆ పాయింటు మీద ఇక వాదించలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ తీర్పు వచ్చాక ‘ఇక బ్యాడ్జి అక్కర్లేదు, మామూలు లైసెన్స్ చాలు’ అనే మాట వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. సగం నిజం అది. పరిహారం కేసులో బ్యాడ్జి లేదన్న ఒక్క కారణంతో కంపెనీ తప్పించుకోలేదు, అంతవరకు నిజం. కానీ ట్రాన్స్‌పోర్ట్ డ్రైవర్ల బ్యాడ్జి, యూనిఫారం గురించి రూల్స్ పెట్టే అధికారం 28వ సెక్షన్ కింద రాష్ట్రానికి ఇంకా ఉంది. యాప్ కంపెనీలు డ్రైవర్‌ను చేర్చుకునేటప్పుడు ఏమేం చూడాలో 2020 నాటి కేంద్ర అగ్రిగేటర్ మార్గదర్శకాలు చెప్పాయి: రెండేళ్ల డ్రైవింగ్ అనుభవం, పోలీస్ వెరిఫికేషన్, గత మూడేళ్లలో తాగి నడిపిన కేసులో శిక్ష పడి ఉండకూడదు, వైద్య పరీక్ష. ప్రయాణికుడు నమ్మి ఎక్కేది వీటిని చూసే. ఎల్‌ఎంవీ తీర్పు వీటిలో ఒక్కదాన్నీ తీసేయలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ తీర్పు డ్రైవర్ లైసెన్స్ గురించి మాత్రమే మాట్లాడింది. బండి పర్మిట్ జోలికి పోలేదు.

రెండు, మూడు అభ్యంతరాలు నిజానికి ఒకటే, అక్కడే కేసు ఇరుక్కుంది. బండి కిరాయికి తిరగాలంటే 66వ సెక్షన్ కింద పర్మిట్ ఉండాలి. పర్మిట్ ట్రాన్స్‌పోర్ట్‌గా రిజిస్టర్ అయిన బండికే వస్తుంది. డ్రైవర్ కాక ఆరుగురి దాకా పట్టేది మోటార్ క్యాబ్, ఏడు నుంచి పన్నెండు దాకా మ్యాక్సీ క్యాబ్. బావ కారు క్యాబ్ కొలతలకు సరిపోతుంది. కానీ రిజిస్ట్రేషన్ ఇంటి బండిగానే ఉంది కాబట్టి చట్టం కళ్లకు అది క్యాబ్ కాదు.

జాతరలకు తాత్కాలిక పర్మిట్ ఇస్తారు కదా అని బావ అడిగాడు. ఇస్తారు. 87వ సెక్షన్‌లో తిరునాళ్లు, మతపరమైన సమ్మేళనాలు అని స్పష్టంగా ఉంది. కానీ అది కూడా ట్రాన్స్‌పోర్ట్ బండికే. తెల్ల ప్లేటుకు నాలుగు రోజుల పర్మిట్ అంటూ ఏదీ లేదు. ఏజెంటు ఎవరైనా ‘ఇప్పిస్తా’ అంటే డబ్బు ఇవ్వకండి.

ఇక అసలు గొడవ మా టేబుల్ దగ్గరే మొదలైంది.

బావ అన్నాడు: “సార్, కిరాయి అని ఎందుకు చెప్పాలె? చుట్టాలం, గుడికి కలిసి పోయినం అంటే సరిపోదా? వాళ్లకూ పైసలు వస్తయి, మాకూ బాధ ఉండదు.”

ప్రతి తెల్ల ప్లేటు కేసులో ఈ మాట వస్తుంది. తప్పుడు మాట కోర్టులో నేను చెప్పించను, అది నా వృత్తి కట్టు. దాన్ని పక్కన పెట్టినా, ఈ అబద్ధం నిలవదని చూపించాలి కాబట్టి ఫైలు తెరిచి చూపించాను. ఎఫ్‌ఐఆర్‌కు ఆధారమైన మొదటి స్టేట్‌మెంట్ పెద్దమ్మ కొడుకుది. అందులో రెండో వాక్యం ‘కారు కిరాయికి మాట్లాడుకొని’ అని ఉంది. దవాఖాన వరండాలో, తల్లి స్ట్రెచర్ మీద ఉండగా, మనిషి నిజం తప్ప ఇంకేం చెప్తాడు? డ్రైవర్ స్టేట్‌మెంట్‌లోనూ అదే ఉంది. దాని మీద ఆ 2,000 అడ్వాన్స్ పంపినప్పుడు ఫోన్‌లో టైప్ చేసిన మాటలు ఒకటి. ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్లు మొదటి వారంలోనే ఇంటికి వచ్చి, మెత్తగా మాట్లాడి, ఫోన్ స్క్రీన్ ఫోటో తీసుకుని పోతారు. ఇక్కడా అదే జరిగింది.

నేను వేసిన కౌంటర్‌లో కిరాయి సంగతి దాచలేదు. నేను పట్టుకున్నది వేరే చోట: పాలసీ రకం. ప్రైవేటు కారుకు రెండు రకాల పాలసీలు ఉంటాయి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నదాన్ని మేం యాక్ట్ పాలసీ అంటాం. అందులో కారు లోపల కూర్చున్నవాళ్లకు ఏమీ రాదు, వాళ్లు సొంత చుట్టాలే అయినా సరే. రెండోది ప్యాకేజీ పాలసీ, జనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది. దాంట్లో లోపలివాళ్లకూ కవర్ ఉంటుందని ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏ 2009లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. బావది ప్యాకేజీ పాలసీ. అంటే కంపెనీకీ ఈ ప్రయాణికులకూ మొదటి నుంచీ ఒక బంధం ఉంది. షరతు ఉల్లంఘన జరిగింది నిజమే, దాని ఫలితాన్ని ఓనర్ మీద వేయండి, మంచం మీద ఉన్న పెద్దమ్మ మీద వేయకండి అని వాదించాను.

150వ సెక్షన్‌లో కంపెనీకి ఉన్న అభ్యంతరాల జాబితా ఉంది. 2022 ఏప్రిల్‌కు ముందు ఇదే 149గా ఉండేది. కిరాయికి తిరిగే పర్మిట్ లేని బండిని కిరాయికి వాడడం ఆ జాబితాలో మొదటి వరుసలోనే ఉంది. పర్మిట్ లేకపోవడం చిన్న లోపం కాదు, మౌలికమైన ఉల్లంఘన అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ కేసులోనే, బాధితుడికి కంపెనీ ముందు కట్టి, తర్వాత ఓనర్ నుంచి రాబట్టుకోవాలన్న ఆదేశాన్ని నిలబెట్టింది. మా భాషలో పే అండ్ రికవరీ. నేను అడగగలిగింది అంతే. అది దొరికినా మా క్లయింట్లకు డబ్బు మిగలదు. ఆ సంగతి బావకు, డ్రైవర్‌కు మొదటి రోజే చెప్పాను, ఫీజు మాట్లాడుకునే ముందే.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో కంపెనీ వకీలు పెద్దమ్మ కొడుకును ఒక్కటే అడిగాడు. డ్రైవర్ మీకు ఏమవుతాడు? అతను నిజాయితీగా జవాబిచ్చాడు: “ఏం కాడు సార్, నంబర్ ఉంది. ఎటన్నా పోవాలంటే ఈయన్నే పిలుస్తాం.” ఆ ఒక్క వాక్యంతో మిగతాదంతా అయిపోయింది.

2025 అక్టోబర్‌లో ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. పెద్దమ్మకు ఆపరేషన్, ఆ తర్వాత కర్ర సాయంతో నడక, అన్నీ లెక్కేసి 6,40,000. కోడలికి 1,10,000. పిల్లాడికి 35,000. మొత్తం 7,85,000. పిటిషన్ వేసిన రోజు నుంచి ఏటా 7.5 శాతం వడ్డీ. పదహారు నెలలకు వడ్డీయే 78,500 అయింది. కంపెనీ ముందు డిపాజిట్ చేయాలి, తర్వాత ఓనర్, డ్రైవర్ల నుంచి రాబట్టుకోవచ్చు. దానికి విడిగా దావా వేయనక్కర్లేదు, ఇదే ట్రిబ్యునల్‌లో వసూలు కోసం ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేస్తే చాలు. కంపెనీ అదే చేసింది.

దీనికి తోడు కారు రిపేరు 3,20,000. సొంత డ్యామేజీ క్లెయిమ్‌ను కంపెనీ మొదటి నెలలోనే తిరస్కరించింది, అదే కిరాయి కారణంతో. పర్మిట్ లేకుండా తిప్పినందుకు 192ఏ కింద 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఆర్‌సీని నాలుగు నెలల వరకు సస్పెండ్ చేసే అధికారం 53వ సెక్షన్ ఇస్తుంది. ఆ రెండూ ఇక్కడ పెద్దగా బాధించలేదు. బాధించింది ఎనిమిది లక్షల అరవై మూడు వేల ఐదు వందలు. బావకు ఆ కిరాయిలో పైసా వాటా లేదు. బామ్మర్ది అడిగాడని తాళం ఇచ్చాడు, అంతే.

డబ్బు లెక్క పక్కన పెట్టి, ఈ కేసులో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన సంగతి పంచనామాలో ఉంది. బండి చెట్టును గుద్దాక మధ్య సీటు ఎడమ తలుపు బయటి నుంచి కూడా రాలేదు, రేకు నొక్కుకుపోయింది. కుడి తలుపు బాగానే ఉంది. అయినా కోడలు లోపలి నుంచి ఎంత లాగినా తెరుచుకోలేదు. చైల్డ్ లాక్ వేసి ఉంది. బావకు చిన్న పిల్లలు, వాళ్ల కోసం ఎప్పుడో వేసి మరిచిపోయాడు. తలుపు అంచులో, తాళం పక్కన ఉండే చిన్న మీట అది. తలుపు మూస్తే కనబడదు. వెనక వస్తున్న బండివాళ్లు వచ్చి బయటి నుంచి తీసేదాకా, విరిగిన తుంటితో ఉన్న అత్తను ఒడిలో పెట్టుకుని ఆమె లోపలే ఉంది. డీజిల్ వాసన వచ్చిందని, నిప్పు అంటుకుంటుందేమోనని భయపడ్డానని స్టేట్‌మెంట్‌లో చెప్పింది.

ట్యాక్సీగా వాడే కార్లలో వెనక తలుపులకు చైల్డ్ లాక్ ఉండకూడదని కేంద్ర నిబంధన 2019 జులై 1 నుంచి ఉంది. ఆడవాళ్లను లోపల బంధించిన ఘటనల వల్ల వచ్చిన నిబంధన అది. డ్రైవర్ సొంత పసుపు ప్లేటు బండిలో ఆ లాక్ పనిచేయదు. ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు ఆ తలుపులు, బ్రేకులు, లైట్లు ఒక అధికారి కంటబడతాయి. ప్రయాణికుల బండ్లలో లొకేషన్ ట్రాకర్, ఎమర్జెన్సీ బటన్ ఉండాలన్న 125హెచ్ నిబంధన కూడా పర్మిట్ బండ్లకే వర్తిస్తుంది. ఇంటి కారుకు ఇవేవీ వర్తించవు, వర్తించాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే అందులో తెలియనివాళ్లు ఎక్కరు. బావ తన కారులో చైల్డ్ లాక్ వేసుకోవడం తప్పు కాదు. ఆ కారులోకి డబ్బిచ్చిన ప్రయాణికులు ఎక్కినప్పుడు, వాళ్ల కోసం రాసిన నిబంధనలన్నీ ఒక్కసారిగా లేకుండా పోయాయి. పర్మిట్ అంటే టాక్స్ రసీదు అనుకునే డ్రైవర్లకు నేను ఈ తలుపు సంగతే చెప్తాను.

ఇంకోటి, నిద్ర. క్రాస్‌లో ఎవరూ అడగలేదు కానీ నాకు మాత్రం చెప్పాడు. ముందు రోజు రాత్రి వేరే వాళ్ల బండి మీద డ్రైవర్‌గా మేడారం పోయి తెల్లవారుజామున మూడింటికి వచ్చాడు. ఆరింటికి మళ్లీ బయలుదేరాడు. గొడ్డు అడ్డం వచ్చింది నిజం, కానీ నిద్ర పోయి లేచిన మనిషికి ఆ మలుపులో ఇంకో అర సెకను దొరికేదేమో. రోజుకు 12 గంటలు లాగిన్ దాటకూడదు, ఆ తర్వాత 10 గంటల విరామం ఉండాలని 2020 మార్గదర్శకాలు అన్నాయి. 1961 నాటి మోటారు కార్మికుల చట్టంలో రోజుకు ఎనిమిది గంటలు అని ఉండేది, కానీ అది ఐదుగురు, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే వర్తించేది. యాప్ తన ట్రిప్పుల గంటలే లెక్కపెడుతుంది. ఫోన్ కిరాయిలు, పక్కవాడి బండి మీద పోయిన రాత్రులు ఏ లెక్కలోనూ పడవు. అందుకే ఇప్పుడు నా దగ్గరికి వచ్చే డ్రైవర్లను లైసెన్స్ కన్నా ముందు ‘నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు’ అని అడుగుతున్నాను.

మరి ఆ పొద్దున అతను ఏం చేసి ఉండాల్సింది? రెండు దారులు ఉన్నాయి. సొంత బండి ఫిట్‌నెస్ ముందే చేయించుకుని ఉంటే, నలుగురిని అందులో ఎక్కించి, మిగతా ఇద్దరికి ఇంకో పసుపు ప్లేటు బండి మాట్లాడి పెట్టేవాడు. లేదా స్టాండులో పర్మిట్ ఉన్న ఏడు సీట్ల బండివాడికి ఆ కిరాయి ఇచ్చేసి, కమీషన్ తీసుకునేవాడు. ఆ వారం మన దగ్గర అట్లా కిరాయిలు చేతులు మారడం మామూలే. ఐదారు వందలు మిగిలేవి.

బావ కారునే క్యాబ్‌గా తిప్పాలనుకుంటే అదీ కుదిరేదే, కానీ ఒక్క రోజులో కాదు. లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌వోసీ, డీటీవో ఆఫీసులో రిజిస్ట్రేషన్‌ను ట్రాన్స్‌పోర్ట్‌లోకి మార్చడం, టాక్స్ తేడా, ఫిట్‌నెస్, పర్మిట్, పసుపు ప్లేటు, చివరగా ట్యాక్సీ పాలసీ. ఈ చివరిది మరిచిపోయినవాళ్లను చూశాను. ప్లేటు పసుపు, పర్మిట్ ఉంది, పాలసీ మాత్రం పాత ప్రైవేటుదే, గడువు అయ్యాక మారుద్దామని ఉంచారు. సీట్ల ప్రీమియం లైను లేని పాలసీతో కిరాయికి పోతే మళ్లీ ఇదే కథ.

ప్రయాణికుల వైపు నుంచి ఆ పెద్దమ్మ కొడుకు నన్ను అడిగాడు, కేసు అయిపోయాక, కోర్టు మెట్ల మీద. మాకెట్ల తెలుస్తది సార్ అని. బండి ఎక్కే ముందు ప్లేటు రంగు చూడమన్నాను. పసుపు మీద నల్ల అక్షరాలు ఉండాలి, ఎలక్ట్రిక్ బండి అయితే ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు. వెనక సీట్లో కూర్చోగానే, బండి కదలక ముందే, తలుపు ఒకసారి లోపలి నుంచి తెరిచి మూయమన్నాను. బెల్టు వెనకాల కూడా పెట్టుకోమన్నాను. ఆడవాళ్లు ఒంటరిగా పోయేటప్పుడు 100కు ఫోన్ చేసి 8 నొక్కితే పోలీసుల టీ సేఫ్ ప్రయాణాన్ని గమనిస్తుంది, 2024 మార్చి నుంచి ఉంది, ఇంట్లో ఆడపిల్లలకు చెప్పమన్నాను. అతను తలూపి, తలుపు సంగతి మాత్రం రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

ఎగ్జిక్యూషన్‌లో కంపెనీతో మాట్లాడి కిస్తీలకు ఒప్పించాం. నెలకు 20,000. బావ కారు అమ్మి మొదటి పెద్ద మొత్తం కట్టాడు, కిస్తీ డ్రైవర్ కడుతున్నాడు. సెడాన్ ఫిట్‌నెస్ అయింది, బ్యాడ్జి కూడా రెన్యువల్ చేయించుకున్నాడు. మొన్న వచ్చినప్పుడు కార్డు మళ్లీ టేబుల్ మీద పెట్టాడు. టీఆర్ గడువు కింద గోరుతో గీసి చూపించి, పాలసీ పేజీ పక్కన పెట్టి, సీట్ల ప్రీమియం లైను ఎక్కడుందో అతనే చూపించాడు.